సబ్‌టైటిళ్ల ప్రూఫు దిద్దడం ఎలా: లైను, ఫుల్‌స్టాప్, మాట్లాడిన మాట

సైకిలు పంక్చరు ఎలా వేసుకోవాలో చెప్పే ఒక వీడియోకు సబ్‌టైటిళ్లు దిద్ది పంపాను. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదని ధీమాగా ఉన్నాను. కొన్నాళ్లకు తెలిసినాయన ఒకరు ఫోను చేశారు. నట్టును మొత్తం విప్పేశారట, అది వాషరుతో సహా ఎక్కడికో దొర్లిపోయిందట. వీడియోలో చెప్పిన మాట ఇది: “చక్రం తీయడానికి ఈ నట్టును పూర్తిగా విప్పాల్సిన అవసరం లేదు.” మాట్లాడినావిడ “విప్పాల్సిన” దగ్గర కాస్త ఊపిరి తీసుకున్నారు. నేను సరిగ్గా అక్కడే కోసి, “అవసరం లేదు” అన్న రెండు మాటలను తర్వాతి ముక్కలోకి పంపాను. ఆయన శబ్దం ఆపేసి చూస్తున్నారు. “పూర్తిగా విప్పాల్సిన” అని చదవగానే చేయి స్పానరు మీదికి వెళ్లింది, కళ్లు తెర మీది నుంచి పక్కకు వెళ్లాయి.

తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదూ లేదూ అన్నవి దానికంటే చివర వస్తాయి. ఇంగ్లిషు సబ్‌టైటిళ్ల కోసం రాసిన నియమాలను తెచ్చి తెలుగుకు తగిలిస్తే ఇలాంటి చోటే దెబ్బతింటాం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా తెలుగు మాటకు తెలుగు సబ్‌టైటిల్ వేసేటప్పటి పని. వేరొకరు విని రాసిన ఫైలు మీ చేతికి వచ్చింది, మీరు దిద్దాలి అనుకోండి. తెర మీద ఒకసారి కనబడి మాయమయ్యే భాగాన్ని “ముక్క” అంటాను. ఒక ముక్కలో ఒకటి లేదా రెండు లైన్లు ఉంటాయి. మూడో లైను వస్తే అది బొమ్మను మింగేస్తుంది.

ముందు ఫైలును చూసుకోండి

ఎక్కువగా మీకు వచ్చేది `.srt` ఫైలు. అందులో ప్రతి ముక్కకూ ఒక వరుస సంఖ్య, దాని కింద సమయం, దాని కింద మాటలు, ఆ తర్వాత ఒక ఖాళీ లైను ఉంటాయి. దీన్ని ఉత్తరాలు రాసుకునే వర్డ్ ప్రాసెసర్‌లో తెరవకండి. అది `-->` గుర్తును టైపు చేయగానే తనంతట తానే అందమైన బాణంగా మార్చేయవచ్చు, ఆ తర్వాత ప్లేయరు ఆ ఫైలును గుర్తుపట్టకపోవచ్చు. సబ్‌టైటిల్ ఎడిట్, ఏజిసబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇవి శబ్దాన్ని అలల బొమ్మగా చూపిస్తాయి కాబట్టి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటితోనే తెలుస్తుంది. ఏదీ లేకపోతే మామూలు నోట్‌ప్యాడ్ చాలు. భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ `UTF-8` అని ఉందో లేదో చూడండి. లేకపోతే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఒక ముక్క మధ్యలో పొరపాటున ఖాళీ లైను పడితే ఫైలు దృష్టిలో ముక్క అక్కడితో అయిపోయినట్టే. రెండో లైను తెర మీదికి రాకపోవచ్చు.

దిద్దే క్రమం కూడా ముఖ్యం. కొత్తవాళ్లు స్పెల్లింగుతో మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి ముందు కనబడేవి అవే. నేను దాన్ని చివరికి ఉంచుతాను. ముందు నిడివి, తర్వాత లైను విరుపు, తర్వాత విరామ చిహ్నాలు, ఆఖరున అక్షరాలు. ఎలాగూ తీసేయబోయే మాటకు ఒత్తు సరిచేస్తూ కూర్చోవడం దండగ. పైగా కోతలు, అతుకులు చేసేటప్పుడే కొత్త తప్పులు దూరతాయి.

నిడివి: సాఫ్ట్‌వేరు లెక్కను నమ్మకండి

రోమన్ లిపికి లైనుకు 42 అక్షరాలన్న కొలత బాగా వాడుకలో ఉంది. ఆ అంకెను తెలుగుకు అలాగే వాడితే లెక్క తప్పుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు హల్లు, గుణింతం, పొల్లు, ఒత్తు దేనికదే విడిగా లెక్కపెడతాయి. “స్త్రీ” అన్నది మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు. “చక్రాన్ని” మనకు మూడు, దానికి తొమ్మిది. ఒత్తులు ఎక్కువగా ఉన్న వాక్యాన్ని అది పొడవంటుంది, ఒత్తులు లేని వాక్యాన్ని పొట్టి అంటుంది, తెర మీద చూస్తే రెండూ ఒకే వెడల్పు.

నేను కంటికి కనబడే అక్షరాలనే లెక్కపెడతాను. ఒత్తూ గుణింతమూ కలిపి ఒకటి, మాట చివరి పొల్లు కూడా ఒకటి. లైనుకు ఖాళీలు, చిహ్నాలు కలుపుకుని 24 దాటనివ్వను. ఫోను నిలువుగా పట్టుకుని చూసే వీడియో అయితే ఇంకా తగ్గిస్తాను. వేగానికి వస్తే, ఖాళీలు వదిలేసి సెకనుకు ఎనిమిది అక్షరాలు దాటకుండా చూస్తాను. ఇది ఎవరో పెట్టిన చట్టం కాదు, నా చేతికి అలవాటైన కొలత. మీ ప్రేక్షకులు పిల్లలైతే ఆరుకు దిగండి. ఎంత చిన్న మాటైనా దాదాపు ఒక సెకను నిలవాలి, ఎంత పెద్ద ముక్కైనా ఏడు సెకన్లకు మించి ఉండకూడదు. మరీ ఎక్కువసేపు ఉంటే చూసేవారు దాన్నే మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెడతారు.

ఇప్పుడు ఆ పంక్చరు వీడియోలోనే ఒక చోటు చూద్దాం. నాకు వచ్చింది ఇలా ఉంది:

```
12
00:01:04,200 --> 00:01:10,400
అయితే ఇప్పుడు మనం ఏం చేయాలి అంటే అండి ఈ ట్యూబుని నెమ్మదిగా బయటకి
తీసి గాలి ఎక్కడ నుంచి పోతుందో చూడాలన్నమాట ముందు నీళ్ళలో

13
00:01:10,400 --> 00:01:12,300
ముంచి చూడాలి బుడగలు వస్తే అక్కడే రంధ్రం
```

పన్నెండో ముక్కలో 51 అక్షరాలు, ఉన్న సమయం 6.2 సెకన్లు. వేగం ఎనిమిదికి కొంచెం పైన, అది పెద్ద సమస్య కాదు. లైను పొడవే అసలు సమస్య. మొదటి లైను ఖాళీలతో కలిపి 38. ప్లేయరు దాన్ని తనకు తోచిన చోట విరిచేస్తుంది, రెండు లైన్లు కాస్తా నాలుగవుతాయి. దానికి తోడు “ముందు నీళ్ళలో” ఒక ముక్కలో, “ముంచి చూడాలి” ఇంకో ముక్కలో పడ్డాయి.

ముందు ఏవి తీసేయవచ్చో చూడాలి. “అయితే”, “మనం ఏం చేయాలి అంటే అండి”, “అన్నమాట” ఆలోచించుకుంటూ అన్న మాటలు. అవి చెవికి వినబడతాయి, కంటికి అక్కర్లేదు. అయితే వీటిని అన్నిచోట్లా తుడిచేయకండి. ఇంటర్వ్యూలో ఒకరు జవాబు చెప్పడానికి తడబడుతుంటే ఆ తడబాటే విషయం, దాన్ని ఉంచాలి. ఇక్కడ చేతిపని నేర్పుతున్నారు, పోయినా నష్టం లేదు.

దిద్దాక ఇలా వచ్చింది:

```
12
00:01:04,200 --> 00:01:07,720
ఇప్పుడు ఈ ట్యూబును
నెమ్మదిగా బయటకు తీసి,

13
00:01:07,800 --> 00:01:09,620
గాలి ఎక్కడి నుంచి పోతోందో చూడాలి.

14
00:01:09,700 --> 00:01:12,900
ముందు నీళ్లలో ముంచి చూడాలి.
బుడగలు వస్తే అక్కడే రంధ్రం.
```

పదమూడో ముక్కలో 13 అక్షరాలకు 1.82 సెకన్లు, అంటే సెకనుకు ఏడు. పద్నాలుగో ముక్కకు మాట ఆగాక వచ్చిన నిశ్శబ్దంలోంచి 0.6 సెకను అరువు తెచ్చాను. ముక్కకూ ముక్కకూ నడుమ 80 మిల్లీసెకన్ల ఖాళీ ఉంది చూడండి. సెకనుకు 25 ఫ్రేములున్న వీడియోలో అది రెండు ఫ్రేములు. ఆ రెప్పపాటు లేకపోతే కింద మాటలు మారిన సంగతి కన్ను పసిగట్టదు. సమయం రాసేటప్పుడు సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య ఉండేది కామా, చుక్క కాదు. `.vtt` అనే ఇంకో రకం సబ్‌టైటిల్ ఫైలులో మాత్రం చుక్క ఉంటుంది. ముక్కలు పెరిగాయి కాబట్టి తర్వాతి వరుస సంఖ్యలు మారాలి. సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్ అయితే ఆ పని అదే చూసుకుంటుంది.

లైను ఎక్కడ విరగాలి

పదమూడో ముక్కను నేను విరవలేదు. ఒక లైనులో పట్టేదాన్ని రెండు చేయకండి, కన్ను రెండుసార్లు ఎడమకు పరుగెత్తాల్సి వస్తుంది. విరవక తప్పనప్పుడు మాత్రం మాటల చుట్టరికం చూడాలి.

తెలుగులో విశేషణం, దాని నామం విడిపోతే మొదటి లైను గాలిలో వేలాడుతుంది. “చక్రం వెనక వైపు ఉన్న” అని ఒక లైను, “నట్టును విప్పండి” అని రెండోది పెట్టి చదవండి. “ఉన్న” దగ్గర మనసు ఏమిటి, ఏమిటి అని ఆగిపోతుంది. “చక్రం వెనక వైపు” తర్వాత విరిచి, “ఉన్న నట్టును విప్పండి” అంటే ఆ ఆగడం ఉండదు. అలాగే “గురించి”, “కోసం”, “వల్ల” లాంటివి తమ ముందు మాటను అంటిపెట్టుకుని ఉండాలి. ఇవి లైను మొదట్లో కనబడితే దిద్దాల్సిన చోటు దొరికినట్టే. “గారు” పేరు నుంచి, “మిల్లీమీటర్లు” అంకె నుంచి, “అని” తాను ముగించే మాట నుంచి విడిపోకూడదు. “విప్పి చూడాలి”, “పట్టుకుని ఉండండి” లాంటి జంట క్రియలను కూడా కలిపే ఉంచండి.

ఇదంతా ఒకే ముక్కలో రెండు లైన్ల మధ్య సంగతి. అక్కడ తప్పినా కన్ను కిందికి దిగి సర్దుకుంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య తప్పితే సర్దుకునే దారి లేదు. అందుకే ఒక్క నియమం మాత్రం నేను ఎప్పుడూ సడలించను: కాదు, లేదు, వద్దు, కూడదు అన్నవి తాము తోసిపుచ్చే క్రియ ఉన్న ముక్కలోనే ఉండాలి. నట్టు వాక్యాన్ని ఇప్పుడైతే ఇలా వేస్తాను:

```
చక్రం తీయడానికి ఈ నట్టును
పూర్తిగా విప్పాల్సిన అవసరం లేదు.
```

24 అక్షరాలు, మూడు సెకన్లు చాలు. మాట్లాడినావిడ మధ్యలో ఊపిరి తీసుకున్నా ముక్క అలాగే నిలబడి ఉంటుంది. ఊపిరి ఆగిన చోటల్లా కోయాలని ఎక్కడా లేదు. అదే జాగ్రత్త “తప్ప”, “దాకా”, “ముందు” అన్న మాటలకూ వర్తిస్తుంది. “జిగురు ఆరే” అని ఒక ముక్క, “దాకా ప్యాచీ అంటించకండి” అని తర్వాతి ముక్క వచ్చిందంటే మళ్లీ ఫోను మోగుతుంది.

విరామ చిహ్నాలు

తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు. ఇంగ్లిషులో కొత్త ముక్క పెద్ద అక్షరంతో మొదలైతే కొత్త వాక్యమని, చిన్నదైతే పాతదే సాగుతోందని తెలిసిపోతుంది. మనకు ఆ ఆసరా లేదు. వాక్యం ముగిసిందా లేదా అని చెప్పేది ఫుల్‌స్టాప్ ఒక్కటే. సమాపక క్రియ వస్తే ముగిసినట్టే కదా అనవచ్చు. మాట్లాడేటప్పుడు క్రియను చివరనే ఉంచేవారు ఎంతమంది? “తీయాలి ఈ ట్యూబును” అంటారు, “అక్కడే రంధ్రం” అని క్రియ లేకుండా వదిలేస్తారు. అందువల్ల వాక్యం ముగిసిన ప్రతిచోటా ఫుల్‌స్టాప్ ఉండి తీరాలి, ముగియని చోట ఉండకూడదు. చాలామంది సబ్‌టైటిల్ చివర చుక్క అనవసరమని తీసేస్తారు. తెలుగులో ఆ పొదుపు పనికిరాదు.

వాక్యం తర్వాతి ముక్కలోకి సాగుతుంటే, సహజంగా కామా పడే చోటైతే కామా పెట్టండి. పైన పన్నెండో ముక్క చివర “తీసి,” అన్నది అలాంటిదే. సహజంగా కామా లేని చోట ఏమీ పెట్టకుండా వదిలేయండి. ప్రతి ముక్క చివరా మూడు చుక్కలు, మళ్లీ తర్వాతి ముక్క మొదట్లో మూడు చుక్కలు పెట్టే అలవాటు ఒకటుంది. అది చదివేవారికి ప్రతిసారీ సందేహం పుట్టిస్తుంది. మూడు చుక్కలను మాట నీరసించి ఆగిపోయినప్పటికి, గీతను ఇంకొకరు మధ్యలో అడ్డు తగిలినప్పటికి దాచుకోండి.

ప్రశ్న గుర్తును చెవితో పెట్టాలి. “ఎక్కడ”, “ఎందుకు” ఉన్నప్పుడు చిక్కు లేదు. “గాలి పోయింది?” అని గొంతు పైకెత్తి అడిగితే, కాగితం మీద అది “గాలి పోయింది.” కంటే వేరని చెప్పేది ఆ గుర్తొక్కటే. ఆశ్చర్యార్థకాలు విరివిగా కనబడితే తీసేయండి, గొంతు ఎలాగూ వినబడుతోంది. సెమికోలన్లు, పొడవాటి బ్రాకెట్లు తెర మీద చదవడానికి పనికిరావు, వాటి బదులు వాక్యాన్ని రెండు చేయండి. ఒకే ముక్కలో ఇద్దరు మాట్లాడితే ఒక్కొక్కరికి ఒక్కో లైను, ముందు చిన్న గీత:

```
- గాలి నిలబడిందా?
- ఇంకా లేదు.
```

ఇప్పుడు అక్షరాలు

ఇక్కడ కళ్లకు పని తక్కువ, చెవులకు ఎక్కువ. ఒక్కో ముక్కను విని, ఆపి, చదవండి. చూడగానే తప్పుగా కనబడేవి ఎవరైనా పడతారు. చూడటానికి ఒప్పులా ఉండి, విన్న మాట మాత్రం కానివి అసలైన దొంగలు.

వాటిలో మొదటిది చివరి దీర్ఘం. “రెండు నట్లు తీయండి” అంటే ఎన్నో ఉన్నవాటిలో రెండు. “రెండు నట్లూ తీయండి” అంటే ఉన్నవే రెండు, రెండింటినీ తీయాలి. “నేను పట్టుకున్నాను”, “నేనూ పట్టుకున్నాను” కూడా అంతే. స్పెల్‌చెకర్ రెండింటినీ ఒప్పుకుంటుంది. వేగంగా మాట్లాడినప్పుడు ఆ దీర్ఘం సగమే వినబడుతుంది కాబట్టి, వేగం తగ్గించి మళ్లీ వినండి, తెర మీద ఎన్ని నట్లున్నాయో చూడండి.

రెండోది క్రియ మధ్యలోని అచ్చు. పై ఉదాహరణలో “పోతుందో” అని రాసి ఉంది. మూడుసార్లు విన్నాక అది “పోతోందో” అని తేలింది. గాలి ఇప్పుడే పోతోంది, పోబోవడం కాదు. కొందరు “పోతుంది” అన్న మాటనే రెండు అర్థాలకూ వాడతారు. వారు నిజంగా అలాగే అంటే అలాగే ఉంచండి.

దీన్నుంచే పెద్ద ప్రశ్న వస్తుంది: మాట్లాడిన భాషను ఎంతవరకు దిద్దాలి? నా పద్ధతి ఇది. మాటను మార్చను, దాని రాతను మాత్రమే స్థిరపరుస్తాను. ఆమె “బెజ్జం” అంటే “రంధ్రం” అని రాయను. వినబడేదొకటి, కనబడేదొకటి అయితే చూసేవారి దృష్టి పని మీద నుంచి ఆ తేడా మీదికి మళ్లుతుంది. “బయటకి” అన్నదాన్ని “బయటకు” అని, “తెల్సు” అన్నదాన్ని “తెలుసు” అని రాస్తే మాత్రం ఎవరి చెవీ అభ్యంతరం చెప్పదు. కథ, ఇంటర్వ్యూ లాంటి వాటిలో ఈ మాత్రం కూడా దిద్దను, అక్కడ యాస మనిషిలో భాగం.

ఎలా రాసినా ఒప్పే అయిన మాటలకు ఒక పట్టీ పెట్టుకోండి. నీళ్లు లేక నీళ్ళు, చూశాను లేక చూసాను, చేయాలి లేక చెయ్యాలి, తీసుకుని లేక తీసుకొని. ఏదో ఒకటి ఎంచుకుని వీడియో అంతా అదే రాయండి. పన్నెండు నిమిషాల వీడియోకు నా పట్టీ అరపేజీ దాటదు. అంకెల సంగతీ అందులోనే తేల్చుకోవచ్చు. కొలతలు అంకెల్లో ఉంటే తొందరగా చదవగలం: “2 నిమిషాలు ఆరనివ్వండి.” “రెండు మూడు సార్లు” అన్న ఉజ్జాయింపు మాత్రం అక్షరాల్లోనే ఉండాలి. “2 3 సార్లు” అని రాస్తే ఇరవై మూడు అనుకునే ప్రమాదం ఉంది.

ఇక కంటికి కనబడని తప్పు ఒకటుంది. “ట్యూబ్‌లో” అని రాయాలంటే పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరం కావాలి, దాని సంఖ్య `U+200C`. అది జారిపోతే “ట్యూబ్లో” అని ల ఒత్తు కిందికి దిగిపోతుంది, చదివేవారు ఒక క్షణం తడబడతారు. ఒకచోట ఆ అక్షరం ఉండి మరోచోట లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. నేను వీలైనచోటల్లా అజంతంగా రాసి ఈ గొడవే తప్పించుకుంటాను: ట్యూబులో, పంపుతో, బ్రేకును. “సాఫ్ట్‌వేర్” లాంటి మాటల్లో తప్పదు, అక్కడ ఒకచోట సరిగ్గా టైపు చేసి మిగతా చోట్ల దాన్నే అతికించండి.

చివరి రెండు చూపులు

మొదటిసారి శబ్దం తీసేసి, మామూలు వేగంతో, ఫోనులో చూడండి. ఆపకండి. చదవడం పూర్తికాకముందే మాయమైన ముక్క, రెండోసారి చదవాల్సి వచ్చిన ముక్క ఎదురైతే సమయం మాత్రం కాగితం మీద రాసుకోండి. అప్పటికి ఆ మాటలు మీకు దాదాపు కంఠతా వచ్చి ఉంటాయి, అయినా అందలేదంటే కొత్తవారికి అసలే అందదు. వీలైతే ఒక రాత్రి గడిచాక చూడండి. రెండోసారి శబ్దంతో చూస్తూ, మాట కంటే ముందే ముక్క రావడం లేదని సరిచూసుకోండి. ఉదాహరణకు పద్నాలుగో ముక్కలో బుడగల మాట ముంచడానికి ముందే కనబడుతుంది. నాకు అది ఫర్వాలేదనిపించింది. అదే ఏ హాస్యమో, ఏ రహస్యమో అయితే రెండు ముక్కలు చేసేవాణ్ని.

తర్వాత ఫైలులో రెండు ఖాళీలు పక్కపక్కన ఉన్నాయేమో, కామాకు ముందు ఖాళీ ఉందేమో వెతికించండి. ఆఖరి ముక్క ముగిసే సమయం వీడియో నిడివి కంటే ఎక్కువ లేదని చూసి, ఫైలును మూసి, ప్లేయరులో మళ్లీ తెరిచి ఆ ఆఖరి ముక్క దాకా వెళ్లండి. మధ్యలో ఏ ఖాళీ లైనైనా, విరిగిన బాణమైనా మిగిలి ఉంటే ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.